రోజారాణి టీచర్ రాసిన రెండు రిపోర్టులు

మేడ్చల్‌లో హైవే దిగి నాలుగడుగులు లోపలికి వెళితే ఒక ప్రైవేటు బడి ఉంది. దాని పేరు పలకాలంటే నోరు నొప్పి పుడుతుంది, అంత గొప్పది. బిల్డింగుకు మాత్రం అంత గొప్ప లేదు. కింద టైర్ల షాపు, మందుల షాపు, వాటి నెత్తిన మూడంతస్తుల్లో తరగతులు. ఆ బడిలో పద్నాలుగేళ్లుగా సోషల్ చెబుతున్న మనిషి రోజారాణి. నాలుగో తరగతికి క్లాస్ టీచర్ కూడా ఆమే.

అలియాబాద్‌లో సైకిళ్లు బాగు చేసే భిక్షం బిడ్డ ఆమె. తండ్రి పంక్చర్లు వేసి చదివించాడు. ఆమె బస్సుల్లో నిలబడి డిగ్రీ చేసింది, పెళ్లయ్యాక చంకలో పిల్లాడితో బీఎడ్ చేసింది. సర్కారు బడిలో టీచర్ కావాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క ఆశ. ఆ ఆశతో డీఎస్సీ రాస్తూ పోయింది. మొదటిసారి మూడు మార్కుల్లో పోయింది, రెండోసారి ఒక్క మార్కులో. నలభై ఒకటో ఏట మూడోసారి రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తోంది. ఇంకో నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, వచ్చేసరికి తన వయసు మిగులుతుందో లేదో ఆమెకు తెలియదు.

ఇన్నేళ్లలో వేరే బడికి ఎందుకు పోలేదని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేది. నవ్వడానికి అందులో ఏమీ లేదు. ఉద్యోగంలో చేరిన రోజే డిగ్రీ మెమోలు, బీఎడ్ సర్టిఫికెట్ అసలువి తీసుకుని కరస్పాండెంటు తన గది బీరువాలో పెట్టాడు. అది ఆ బడి పద్ధతి. మధ్యలో టీచర్లు వెళ్లిపోకుండా పెట్టుకున్న కట్టుగొయ్య. పశువును కట్టేస్తే గడ్డి అయినా వేస్తారు. ఇక్కడ అదీ అంతంతమాత్రమే.

దసరా సెలవులకు ఇంకా వారం ఉందనగా ఒక శుక్రవారం నాడు నాలుగో తరగతిని షామీర్‌పేట తీసుకుపోయారు. పొద్దున జింకల పార్కు, మధ్యాహ్నం చెరువు కట్ట మీద భోజనాలు, మూడింటికి తిరుగు ప్రయాణం. నలభై ఇద్దరు పిల్లలు. వెంట రోజారాణి, ఆటలు నేర్పే శ్రీకాంత్ సార్, ఆయా సాలమ్మ. తల్లిదండ్రుల ఒప్పుకోలు కాగితాలు నలభై రెండూ ఫైల్లో ఉన్నాయి. బస్సులోనే హాజరు వేసి, నలభై రెండు అని రాసి సంతకం పెట్టింది రోజారాణి. అంతవరకు అన్నీ పద్ధతిగానే జరిగాయి.

బస్సు కదలబోతుండగా కరస్పాండెంటు నరసింహ కారు వచ్చి అడ్డంగా ఆగింది. నరసింహకు ఒకప్పుడు పొలాలు, ఇప్పుడు వెంచర్లు. ఎన్నికలొస్తే జెండాలు కూడా. మనవరాలు శ్రీజను వేలు పట్టి దింపాడు. అయిదేళ్ల పిల్ల. చదివేది ఈ బడిలో కాదు లెండి, కొంపల్లిలో ఇంకా పెద్ద బడిలో. తన హోటల్లో తను తినడు చూడండి, అట్లాంటి మనిషి.

"దానికియ్యాల సెలవు. ఒక్కతే ఇంట్ల ఏడుస్తాంది. జింకల్ని చూస్తదట, తీసుకపోండ్రి," అన్నాడు.

రిజిస్టర్లో లేని పిల్లను బస్సు ఎక్కించకూడదని రోజారాణికి తెలుసు. తెలిసి ఏం చేస్తుంది? "రా తల్లీ," అని చెయ్యి అందించింది. శ్రీజ డబ్బాను సాలమ్మ తన సంచిలో వేసుకుంది. హాజరు పుస్తకంలో నలభై రెండు అలాగే ఉంది. బస్సులో మాత్రం నలభై ముగ్గురు.

పన్నెండుంపావుకు పార్కులో వెనకవైపు ఉయ్యాలల దగ్గర శ్రీజ బాత్రూముకు పోతానంది. మెడలో నీళ్ల సీసా వేలాడుతోంది, గులాబీ రంగుది. అది తడిస్తే ఏడుస్తుందని రోజారాణి తీసి, పక్కనున్న అశ్రిత చేతికిచ్చింది.

అశ్రిత గురించి ఒక మాట చెప్పాలి. ప్రతి తరగతిలోనూ చెప్పిన మాట చెప్పినట్టు వినే పిల్ల ఒకతె ఉంటుంది, టీచర్లు పనులన్నీ ఆ పిల్లకే చెబుతారు. సుద్దముక్కలు తేవాలన్నా, ఎవరు మాట్లాడుతున్నారో బోర్డు మీద పేర్లు రాయాలన్నా నాలుగో తరగతిలో అశ్రితే. తండ్రి సిద్దిరాములు జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో కార్మికుడు, తల్లి స్రవంతి కొంపల్లిలో ఒక విల్లాలో వంట చేస్తుంది.

"ఈ సీసా పట్టుకొని గీన్నే నిలబడు. పాప బయటికొచ్చినంక ఇయ్యి. నేను పిలిచేదాక కదలకు," అంది రోజారాణి.

"సరే మేడం," అంది అశ్రిత.

ఆ మాట అన్న నిమిషానికే ఉయ్యాల మీంచి ఒకడు పడి మోకాలు గీరుకుపోయింది. రోజారాణి అటు పరుగెత్తింది. సాలమ్మ బాత్రూములో శ్రీజ చేతులు కడుగుతుంటే ఆ పిల్ల అవతలి తలుపులోంచి నెమలిని చూసి ఉరికింది. సాలమ్మ పిల్ల వెంట ఉరికి, చంకనేసుకుని, అటు నుంచి అటే గేటు దగ్గరికి తెచ్చింది. శ్రీకాంత్ సార్ విజిల్ ఊదుతున్నాడు. రోజారాణి దెబ్బ తగిలినవాణ్ని నడిపించుకుంటూ వచ్చి, గేటు బయట వరుస నిలబెట్టి తలలు లెక్కపెట్టింది. నలభై రెండు.

కావలసిన అంకె వచ్చాక ఎవరూ రెండోసారి లెక్కపెట్టరు. పేర్లు పిలిస్తే దొరికేది. ఎండ నెత్తిన మండుతోంది, పిల్లలు ఆకలో అని గోల పెడుతున్నారు, రోజారాణి పేర్లు పిలవలేదు. నడిపించుకుంటూ కట్ట మీదికి తీసుకుపోయింది.

కట్ట మీద పులిహోర పొట్లాలు పంచారు. నలభై రెండు కట్టించుకు వచ్చారు. శ్రీజ తన డబ్బా విప్పుకుని సాలమ్మ ఒళ్లో కూర్చుని తింటోంది. అందరూ సగం తిన్నాక అట్టపెట్టెలో ఒక పొట్లం మిగిలి కనిపించింది.

"ఎవరు తింటలేరురా? కడుపునొస్తుందా ఎవరికన్న?" అని అడిగింది రోజారాణి. ఒక్క క్షణం ఆ పొట్లాన్నే చూసింది. తర్వాత శ్రీజను చూసింది. హాజరు పుస్తకం తీసి పేర్లు పిలిచింది. రెండో పేరే అశ్రిత. పలకలేదు. మళ్లీ పిలిచింది.

అప్పుడు ఒంటిగంటన్నర.

అక్కడి నుంచి ఆమె చేసినవన్నీ వరసగా సరైనవే. పిల్లలందర్నీ చింతచెట్టు కింద గుండ్రంగా కూర్చోబెట్టి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోమని, సాలమ్మను కాపలా పెట్టింది. అశ్రితను ఆఖరుసారి ఎక్కడ చూశారని పక్కన నడిచే పిల్లల్ని అడిగింది. ఒకరు పార్కులో అన్నారు, ఇద్దరు కట్ట మీదే అన్నారు. శ్రీకాంత్‌ను పార్కు గేటుకు పరుగెత్తించింది, ఎవరు బయటికి పోతున్నారో చూడమని కాపలావాళ్లకు చెప్పడానికి, మైకులో పేరు పిలిపించడానికి, బాత్రూములు చూడటానికి. అన్నీ సరైనవే. తాను మాత్రం నీళ్ల వైపు పరుగెత్తింది.

కట్ట మీద పిల్ల కనబడకపోతే ఏ ఆడమనిషైనా ముందు నీళ్లే చూస్తుంది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, చెరువు నిండుగా ఉంది. వలలు విప్పుకుంటున్న ఇద్దర్ని బతిమాలింది. వాళ్లు పాపం పని వదిలేసి ఒడ్డు వెంట పొదలన్నీ కర్రలతో కదిలించారు. ఒకచోట ఎర్రగా ఏదో తేలుతుంటే రోజారాణి చెప్పులతోనే మోకాలి లోతు దిగింది. అది ప్లాస్టిక్ కవరు.

నీళ్లలో నిలబడే ప్రిన్సిపల్ ధర్మేందర్‌కు ఫోను చేసింది. ఒంటిగంట నలభై.

"పిల్ల కనవడ్తలేదు సార్. ఇంట్ల వాళ్లకు చెప్తున్న, పోలీసోళ్లకు గూడ."

"ఆగుండ్రి మేడం, ఆగుండ్రి! జర్ర మంచిగ దేవులాడుండ్రి ముందు. ఇప్పుడే చెప్తే ఆళ్లు బడి మీదికొస్తరు. దొరికినంక చెప్పొచ్చు. నేను చెప్పేదాక ఎవ్వలకు ఫోన్ చెయ్యొద్దు."

ఆగింది. ఇరవై అయిదు నిమిషాలు ఆగింది. పద్నాలుగేళ్ల అలవాటు అది, సార్ ఆగమంటే ఆగడం. శ్రీకాంత్ ఫోను చేసి గేటు దగ్గరి బాత్రూముల్లో లేదు, మైకులో రెండుసార్లు పిలిపించాను, రాలేదు అన్నాక ఇంక ఆగలేకపోయింది. రెండూ అయిదుకు సిద్దిరాములుకు చేసింది. స్విచాఫ్. ఫ్యాక్టరీ గేటులో ఫోను ఇచ్చి లోపలికి పోవాలి, సాయంత్రం దాకా అది మోగదు. వెంటనే తల్లికి చేసింది. స్రవంతి రెండు రింగులకే ఎత్తింది.

"స్రవంతీ, నేను అశ్రిత వాళ్ల టీచర్‌ను. పాప మా వరుసల నుంచి తప్పింది. అందరం దేవులాడుతున్నం..."

అవతల కుక్కర్ కూత వినిపించింది. తర్వాత స్రవంతి గొంతు, చాలా మెల్లగా: "నీళ్ల కాడున్నరా మేడం?"

రోజారాణి అవునంది. అవతల ఫోను కింద పడిన చప్పుడు, ఎవరో గాబరాగా ఏమైంది ఏమైంది అనడం, అంతే.

వంద నొక్కుతుండగా శ్రీకాంత్ ఫోను వచ్చింది. దొరికింది. పార్కు వెనక వైపు ఊడ్చే ఆమె చూసి తీసుకొచ్చింది. రెండూ ఇరవై.

రోజారాణి వెళ్లేసరికి గేటు దగ్గర సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉంది అశ్రిత. ముఖం ఎండకు కందిపోయింది, పెదవులు తెల్లగా పిడచకట్టాయి. చేతిలో గులాబీ రంగు సీసా, నిండా నీళ్లతో. ఆ సీసాను చూడగానే రోజారాణికి అంతా గుర్తొచ్చింది. అప్పటిదాకా, నమ్మండి నమ్మకపోండి, ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"ఆ పాపింక బయటికి రాలే మేడం," అంది అశ్రిత కంగారుగా. "మైకుల నా పేరు పిలిచిండ్రు. గని మీరు పిలిచేదాక కదలొద్దన్నరు గద, నేను కదల్లే. గీ ఊడ్చే ఆమెనే గుంజుకొచ్చింది."

"నీళ్లు తాగకపోతివా బిడ్డా?"

"అవి ఆ పాపయి గద."

రోజారాణి అక్కడే కింద కూర్చుని ఆ పిల్ల మోకాళ్లు పట్టుకుని ఏడ్చింది. రెండు గంటలకు అయిదు నిమిషాలు పైనే ఎండలో నిలబడింది పిల్ల, తాను చెప్పిందని. అందరికంటే ఎక్కువ మాట విన్న పిల్లను తప్పిపోయిందని ఊరంతా వెతికారు. నీళ్లు తాగించి, ఉప్పు చక్కెర కలిపి తాగించి, స్రవంతికి ఫోను చేసి మాట్లాడించింది. ఆమె అప్పటికే ఆటోలో సగం దూరం వచ్చేసింది. కట్ట మీదికి తీసుకొచ్చిన బిడ్డను చూసి ఏడవలేదు, తిట్టలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగింది:

"ఎప్పటి సంది కనవడ్తలేదు మేడం?"

రోజారాణి నిజం చెప్పింది. ఆ నిజమే మర్నాడు సిద్దిరాములు నోట మండల విద్యాధికారి ఆఫీసులో ఫిర్యాదైంది. పన్నెండుంపావు నుంచి పిల్ల లేకపోతే మాకు రెండు దాటినాక చెబుతారా అని రాసిచ్చాడు.

శనివారం మధ్యాహ్నం తరగతి గదిలో కూర్చుని రోజారాణి రిపోర్టు రాసింది. బడిలో ఏ కాగితం రాయాలన్నా ఆమే రాయాలి, చేతిరాత ముత్యాల్లా ఉంటుందని. బయలుదేరిన సమయం, హాజరు, వెంట ఉన్నవాళ్ల పేర్లు రాసింది. ఆఖరుసారి చూసింది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నచోట ఇలా రాసింది: 'హాజరులో లేని ఒక చిన్నారి నీళ్లసీసాను పట్టుకుని, నేను పిలిచేవరకు కదలవద్దని విద్యార్థినికి చెప్పినది నేనే. ఆమె ఆ మాట పాటించినది. గేటువద్ద పేర్లు పిలువక తలలు మాత్రమే లెక్కించితిని. హాజరులో లేని చిన్నారి కలియుటవలన లెక్క సరిపోయినది.' తర్వాత వెతికిన క్రమం, నిమిషాలతో. 'తల్లిదండ్రులకు 1.30కే తెలియజేయవలసి ఉండగా ప్రిన్సిపల్ గారి సూచన మేరకు 2.05 వరకు ఆగితిని.' కింద సంతకం. రాశాక కొంచెం తేలిక అనిపించింది. చీవాట్లు పడతాయి, పడనీ అనుకుంది.

సోమవారం పొద్దున డీఎస్సీ జాబితా వచ్చింది. ఒక్కో పోస్టుకు ముగ్గురిని సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిచారు. జిల్లాలో సోషల్ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆ పిలిచినవాళ్ల జాబితాలో రోజారాణి పేరు ఉంది. గురువారం అసలు సర్టిఫికెట్లతో రమ్మన్నారు. స్టాఫ్ రూములో నిలబడి ఆ ఫోను తెరను నాలుగుసార్లు చదివింది. సాలమ్మ పరుగున వచ్చి బుగ్గలు పుణికి, "నీ కష్టం ఊకెనే పోలే మేడం," అంది. ఆ పది నిమిషాలు రోజారాణి బతుకులో మంచి పది నిమిషాలు. అవి అయిపోగానే ప్రిన్సిపల్ గదికి పిలుపు వచ్చింది.

గదిలో ధర్మేందర్‌తో పాటు నరసింహ కూడా ఉన్నాడు. బల్ల మీద ఆమె రిపోర్టు.

"ముబారక్ మేడం," అన్నాడు నరసింహ. "నాకెరికే, మీరు కొడ్తరని. సర్టిఫికెట్లు కావాలె గద? తీస్కపోండ్రి, మీ సొమ్మే."

రోజారాణి చేతులు జోడించబోయింది. ఈలోగా ధర్మేందర్ రిపోర్టును వేలితో ముందుకు నెట్టాడు.

"రేపటి లోపల ఎంఈఓ సార్‌కు పంపాలె మేడం. ఇది పంపితే ఎట్ల? హాజరుల లేని పిల్ల బస్సుల ఉన్నదంటే ఏం జవాబు చెప్తం? సార్ మనవరాలంటే పేపరోళ్లు ఊకుంటరా? మీదికెళ్లి నా పేరు గూడ రాసిండ్రు."

"జరిగింది రాసిన సార్."

"జరిగింది రాయనీకి ఇదేమన్న డైరీయా?" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, పిల్లలకు లెక్క నేర్పినట్టు నేర్పాడు. "సూడుండ్రి. వాళ్ల చేతుల ఉన్న రుజువు ఒక్కటే, రెండూ అయిదుకు మీ ఫోన్. గా టైం ముట్టుకోవద్దు. మిగిలినయన్ని దాని చుట్టు సర్దుండ్రి. పన్నెండున్నరకు గేటు కాడ నలభై రెండు, అది నిజమే గద? కట్ట మీద రెండింటికి పేర్లు పిలిచినం, లేదు. ఐదు నిమిషాలల్ల ఇంటికి చెప్పినం. పదిహేను నిమిషాలల్ల దొరికింది. ఇంత మంచిగ చేసిన బడి ఏడున్నది?"

"మరి పిల్ల పార్కు లోపలికి ఎట్ల పోయింది సార్?"

"చెప్పకుండ వరుస ఇడిచిపెట్టి మళ్ల జింకల కాడికి ఉరికింది."

"అది నేను నిలబడమన్నందుకు నిలబడ్డది సార్. తప్పు నాది. నాదే అని రాసుకుంట. మనవరాలి సంగతి తీసేస్త, మీ మాట తీసేస్త. లెక్క తప్పిన, పిల్లను మరిచిన అని నా మీదనే రాసుకుంట. నన్ను తీసేయుండ్రి కావాలంటే."

ధర్మేందర్ తల అడ్డంగా ఊపాడు. "టీచర్ తప్పంటే బడి తప్పే అంటరు మేడం. పర్మిషన్ దాక పోతది. పిల్ల తప్పంటే ఎవ్వల తప్పు గాదు. చిన్న పిల్ల, ఉరికింది, అందరు నవ్వి ఊకుంటరు. పిల్లకేమన్న జైలు పడ్తదా?"

నరసింహ లేచి బీరువా తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు. బెదిరించలేదు. ఆయనకు బెదిరించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. "గురువారమేనంటిరి గద. రిపోర్టు రాసి ఇచ్చి పోండ్రి మేడం, గా ఫైలు ఇచ్చేస్త."

అడకత్తెరలో పోకచెక్క అంటారు కదా. పోకచెక్కకు కనీసం ఆలోచించే పని ఉండదు. రోజారాణి తెల్లకాగితాలు పట్టుకుని కంప్యూటర్ గదిలో కూర్చుంది. భోజనం గంట కొట్టారు, తినలేదు. భర్తకు ఫోను చేసింది. ఆయన ఎలక్ట్రీషియన్, ఎక్కడో నిచ్చెన మీదున్నాడు. అంతా విని, "ఇరవయ్యేండ్ల సంది దేవులాడుతున్న నౌకరి. నీ ఇష్టం," అన్నాడు. నీ ఇష్టం అనే మాటంత బరువైన మాట ఇంకోటి లేదు. డూప్లికేటు తీసుకుందామా అనుకుంది. యూనివర్సిటీ చుట్టూ తిరగాలి, నెల పడుతుంది. గురువారం మూడు రోజుల్లో ఉంది. పోస్టు వస్తే, సర్కారు టీచరై అప్పుడు అందరి ముందు నిజం చెబుతాను అనుకుంది. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధం ఎప్పుడూ ఇంత పద్ధతిగానే ఉంటుంది.

ఆరో పీరియడులో కిటికీలోంచి నాలుగో తరగతి కనబడింది. అశ్రిత బోర్డు దగ్గర నిలబడి, మాట్లాడేవాళ్ల పేర్లు రాస్తోంది. రోజారాణి కుర్చీ జరుపుకుని అటు వీపు పెట్టి కూర్చుంది. ఆఖరు గంటలోపు రాసేసింది. 'విద్యార్థిని టీచర్ల అనుమతి లేకుండా వరుస విడిచి వెళ్లినది. ఆమెది నిలకడలేని స్వభావము. ఇకముందు తల్లిదండ్రులు తగిన జాగ్రత్త చెప్పవలెను.' అదే ముత్యాల చేతిరాత. మొదటి రిపోర్టును ధర్మేందర్ ఆమె ముందే నాలుగు ముక్కలుగా చించాడు. నరసింహ ఫైలు ఇచ్చి, "మంచిగ సర్కారు జీతం తినుండ్రి మేడం," అని మనస్ఫూర్తిగా దీవించాడు.

గురువారం వరుసలో నిలబడి సర్టిఫికెట్లు చూపించి వచ్చింది. దసరాకు ముందే తుది జాబితా పెట్టారు. ముగ్గుర్ని పిలిస్తే ఇద్దరికి రాదన్న లెక్క టీచర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమెకు రాలేదు. పండగ నాడు పూరీలు చేసింది, జమ్మి ఇచ్చిన వాళ్లందరికీ నవ్వుతూ తిరిగి ఇచ్చింది, మళ్లీ బడి తెరిచిన రోజు ఫైలు సంచిలో పెట్టుకుని వచ్చి బీరువాలో పెట్టమని తానే ఇచ్చింది. వేరే ఎక్కడికి పోతుంది? ఆ ఫైలు అందుకుంటూ నరసింహ ఒక్క మాట కూడా ఎత్తి పొడవలేదు. పొడిచి ఉంటే కొంచెం బాగుండేదేమో.

ఎంఈఓ ఆఫీసులో ఫిర్యాదు మూసేశారు. నకలు ఒకటి సిద్దిరాములుకు ఇచ్చారు. అది చదివి ఆ మనిషి బడికి వచ్చి అరిచాడు. ధర్మేందర్ కూర్చోబెట్టి మర్యాదగా, మాట వినని పిల్ల బాధ్యత మేం తీసుకోలేం, టీసీ తీసుకుపొమ్మన్నాడు. అందుకని అక్టోబరు చివర ఒక పొద్దున స్రవంతి అశ్రితను వెంటబెట్టుకుని ఆఫీసు గదికి వచ్చింది. టీసీ రాయాల్సింది క్లాస్ టీచర్. రోజారాణి రాస్తోంది. ధర్మేందర్ పక్కనే నిలబడి చూస్తున్నాడు.

స్రవంతి వంట దగ్గర గంట పర్మిషన్ అడిగి వచ్చానని, జల్దీ ఇవ్వమని మాత్రం అంది. అశ్రిత బల్ల అంచు పట్టుకుని, కలం ఎటు పోతే అటు చూస్తోంది.

"మేడం," అంది కాసేపటికి. "మా నాయిన కాగితం చదివిండు. నేను చెప్పకుండ ఉరికిన అని ఉన్నదట. ఇంట్ల మస్తు కొట్టిండు. నేను ఉరకలే అంటే, టీచర్లు అబద్ధం రాస్తరా అన్నడు. నేను ఉరకలే గద మేడం? మీరు నిలబడమన్న కాన్నే నిలబడ్డ గద?"

కలం ఆగింది. ధర్మేందర్ చిన్నగా దగ్గాడు. ఒక్క మాట చాలు. అవును బిడ్డా అంటే చాలు. ఆ మాట రోజారాణి నాలుక చివరిదాకా వచ్చింది, అది నిజం. తర్వాత టీసీని స్రవంతి వైపు తిప్పి, "గీడ సంతకం పెట్టమ్మా," అంది.

స్రవంతి సంతకం పెట్టి, కాగితం మడిచి, బిడ్డ చెయ్యి పట్టుకుంది. అశ్రిత వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి టీచర్ ముఖం చూసింది, లెక్క తప్పు వచ్చినప్పుడు జవాబు కోసం చూసినట్టు. కోపంగా చూడలేదు. ఆ పిల్లకు టీచర్ల మీద కోపం రావడం ఇంకా తెలియదు. మెట్ల దగ్గర తల్లితో అంటున్న మాట గదిలోకి వినబడింది.

"నేనే ఉరికిన్నేమో అమ్మా. నాకే యాదికి లేదేమో."